మబ్బులో కొండ, ముల్లులో ఎత్తు

వర్షాకాలంలో ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్తుంటే అడవి కొండల శిఖరాలు మబ్బులో కనబడవు. 2008 ఆగస్టులో హైదరాబాదు నుంచి రాయపూర్ బయలుదేరి అదృశ్యమైన హెలికాప్టరు శకలాలు నవంబరులో ఈ సరిహద్దు కొండల్లోనే దొరికాయి. ఆ ప్రమాద కారణాల జోలికి పోను గాని, ఒక సందేహం మాత్రం నన్ను వదలలేదు. మబ్బులో పైలట్‌కు తన ఎత్తు ఎలా తెలుస్తుంది?

ఆల్టిమీటరు కొలిచేది గాలి పీడనాన్ని, చూపేది అడుగుల్లో. కింది ఎత్తుల్లో ఒక హెక్టోపాస్కల్ తేడా సుమారు 27 అడుగులు. వాయుగుండం పట్టి ఇక్కడి సముద్రమట్టపు పీడనం 996కు పడిందనుకుందాం. పరికరాన్ని 1013 దగ్గరే వదిలేస్తే 17 హెక్టోపాస్కళ్ళ తేడా, అంటే దాదాపు 460 అడుగులు. ముల్లు 2000 చూపుతున్నా, విమానం ఉన్నది 1540 దగ్గరే. అందుకే కింద ఎగిరేటప్పుడు సమీప విమానాశ్రయం చెప్పిన పీడనాన్ని పెట్టుకుంటారు.

పైకి వెళ్ళాక కొండల భయం పోయి, తోటి విమానాల భయం మిగులుతుంది. ఒకరు హైదరాబాదు పీడనంతో, మరొకరు రాయపూర్ పీడనంతో ఎగిరితే వారి ఎత్తులకు పొంతన కుదరదు. కనుక ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ దాటగానే అందరూ ప్రామాణికమైన 1013.25కు మారతారు. చూపే ఎత్తు నిజం కాకపోయినా, అందరి తేడా ఒక్కటే గనుక మధ్య దూరం చెడదు.

దిగేటప్పుడు మళ్ళీ స్థానిక పీడనానికి రావాలి. మరచిపోతే, వాయుగుండం రోజున ఆ 460 అడుగులూ కొండ వైపే తగ్గుతాయి.