‘చూద్దాం’ అనే మాట

పాప పుట్టిన మూడో వారంలో మా పెద్దత్తయ్య వచ్చి, "ఎండలు మండుతున్నాయి, పిల్లకి కాసిని నీళ్లు పట్టు, నాలిక మీద తేనె రాయి" అంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ పెట్టకూడదని మేమిద్దరం అప్పటికే అనుకున్నాం. ఎదురు చెప్పలేక "చూద్దాంలెండి" అన్నాను. మర్నాడు ఆవిడ తేనె సీసాతో వచ్చింది. మన ఇళ్లలో ‘చూద్దాం’ అంటే సగం ఒప్పుకున్నట్టే.

ఈసారి కారణాలు చెప్పాను. పాలలో నూటికి 87 పాళ్లు నీరేనని, తేనెలో ఉండే సూక్ష్మజీవులు ఏడాదిలోపు పిల్లలకి ప్రమాదమని వివరించాను. "మేం పిల్లల్ని పెంచలేదా?" అంది. జవాబిస్తే ఆవిడ పెంపకాన్నే తప్పుపట్టినట్టవుతుంది.

చివరికి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "పాప మీద మీకెంత ప్రేమో తెలుసు అత్తయ్యా. తేనె, నీళ్లు ఇప్పుడు వద్దనుకున్నాం. కాళ్ల మీద వేసుకుని లాల పోయడం మాత్రం మీరే చెయ్యాలి" అన్నాను. మళ్లీ అడిగినప్పుడల్లా అదే మాట, అదే గొంతుతో. కొత్త కారణం చేరిస్తే కొత్త వాదన మొదలవుతుంది.

మా పట్టుదల పాపకి చేటు కాకూడదని, రోజుకు ఆరుసార్లైనా ఒంటికి వెళ్తోందా, బరువు పెరుగుతోందా అని గమనిస్తూనే ఉన్నాను. తేడా వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలనుకున్నాం. రాలేదు.

ఆరు నెలలు నిండాక మొదటి చెంచాడు నీళ్లు పెద్దత్తయ్యే పట్టింది.