ఎంత తొందరగా నర్సు కావచ్చు?

పది, ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే మా గోరంట్లలో ఆడపిల్లల తల్లులు అడిగేది ఒకటే. "నర్సు చదివిస్తే ఎన్నేళ్ళకు చేతికొస్తాదక్కా?" వానలేక వేరుశనగ ఎండిపోయిన ఏడు ఇంకా ఎక్కువగా అడుగుతారు.

మా పక్కింటామెకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దపిల్ల సీఈసీతో ఇంటర్ పాసయింది. చిన్నపిల్ల పది పాసయింది. పెద్దపిల్లను ఏఎన్ఎంలో చేర్పిద్దామని తల్లి ఆలోచన, రెండేళ్ళే కదా అని. ఏఎన్ఎం తక్కువ పనేం కాదు. పల్లెల్లో టీకాలు వేసేది, గర్భిణులను కనిపెట్టుకునేది వాళ్ళే. కానీ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు కావాలంటే ఆ చదువు చాలదు. మళ్ళీ మూడేళ్ళు జీఎన్ఎం చదవాల్సిందే.

అందుకే నేరుగా జీఎన్ఎంలో చేర్చమన్నాను. అది మూడేళ్ళ డిప్లొమా. సైన్సు వాళ్ళకు ప్రాధాన్యం ఉన్నా, ఇంటర్‌లో ఏ గ్రూపైనా నలభై శాతం మార్కులుంటే అర్హతే. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఇరవై ఒకటికి బయటికొస్తుంది, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదవుతుంది, జీతం మొదలవుతుంది. ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టులకు మన రాష్ట్రంలో జీఎన్ఎం వాళ్ళూ దరఖాస్తు చేయవచ్చు.

"మరి డిగ్రీ లేదని చిన్నచూపు చూడరా?" అంది ఆమె. కొన్నిచోట్ల తేడా ఉంది. ఎయిమ్స్ ఉద్యోగాల పరీక్షకు బీఎస్సీ పిల్ల చదువు అయిన వెంటనే కూర్చోవచ్చు. జీఎన్ఎం పిల్లకైతే కనీసం యాభై పడకల ఆస్పత్రిలో రెండేళ్ళు పనిచేసిన అనుభవం కావాలి. ఆ తేడాను పోగొట్టుకునే వంతెన పోస్ట్ బేసిక్ బీఎస్సీ. కౌన్సిల్‌లో నమోదైన జీఎన్ఎం నర్సు రెండేళ్ళు చదివితే డిగ్రీ చేతికొస్తుంది, ఆపైన ఎమ్మెస్సీకి కూడా పోవచ్చు. అయితే రెగ్యులర్ కోర్సు గనక ఆ రెండేళ్ళు జీతం ఉండదు. ముందు కొన్నాళ్ళు సంపాదించుకుని చేరడమే మాబోటి ఇళ్ళకు నయం.

చిన్నపిల్ల సంగతి వేరు. ఆమె ఇంకా గ్రూపు ఎంచుకోలేదు. బైపీసీ తీసుకుంటే నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్ దారి తెరిచి ఉంటుంది. అక్క ఐదేళ్ళు చదివి అందుకునే డిగ్రీ ఈమెకు నాలుగేళ్ళకే వస్తుంది. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు తప్పనిసరి. సీఈసీలో చేరితే ఆ తలుపు మూసుకున్నట్టే. స్నేహితురాలు చేరిందని తనూ సీఈసీ అంటోందట.

ఈలోగా ఎవరో "ఏడాదికే నర్సు సర్టిఫికెట్" అని కరపత్రం ఇచ్చిపోయారు. నాలుగు రంగుల్లో భలే అచ్చేశారు! చదువు అయ్యాక రిజిస్టర్డ్ నర్సుగా కౌన్సిల్‌లో నమోదు చేస్తారా అని ఆ నంబరుకు ఫోను చేసి అడగమన్నాను. "ఆస్పత్రిలో పని ఇప్పిస్తాం" అన్నారే గాని దానికి జవాబు చెప్పలేదట. బెంగళూరు దగ్గరే కాబట్టి అక్కడి కాలేజీల పేరు చెప్పుకుని ఏజెంట్లూ వస్తుంటారు. ఏ కాలేజీకైనా సరే, ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టాలి. అక్కడ చదివి ఇక్కడ పనిచేయాలంటే రిజిస్ట్రేషన్‌ను మన రాష్ట్రానికి మార్పించుకోవాలి కూడా.

పెద్దపిల్లకు ఇరవై ఒకటికల్లా పెళ్ళి చేయాలని తండ్రి పట్టు. జీఎన్ఎం అప్పటికి అయిపోతుంది, రెండేళ్ళ అనుభవమే మిగిలిపోతుంది. ఆ రెండేళ్ళూ ఆగమని ఆయనకు మా ఆయన చేత చెప్పిస్తున్నాను.