ఎనిమిదా, పదహారా? లెక్కలో క్రోమ్‌ని కూడా కలపండి

ఏ గేమ్ కొనాలన్నా దాని పేజీలో ‘కనీసం ఇంత ర్యామ్ ఉండాలి’ అని రాసి ఉంటుంది కదా. ఆ అంకెలో ఓ మెలిక ఉంది. అది ఆటకీ, విండోస్‌కీ కలిపి వేసిన లెక్క. పక్కన క్రోమ్‌లో పది ట్యాబులు, డిస్కార్డ్‌లో నలుగురు ఫ్రెండ్స్, కింద మూలన వాట్సాప్ ఉంటాయని ఆ లెక్కలో లేదు. మనమేమో అవేవీ లేకుండా ఆడే రోజంటూ ఉండదు. ‘8 చాలా, 16 కావాలా’ అన్న ప్రశ్నకి ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెప్పడానికి అసలు కారణం ఇదే.

మాది పెదవేగి. ఏలూరులో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తాను. ఈ ప్రశ్న రోజూ వినేదే అయినా, ఈ మధ్య మా ఇంట్లోనే వచ్చింది. మా బాబాయి కొడుకు ఇంజినీరింగ్ రెండో ఏడాది. వాడి ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, 4 జీబీ సొంత మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. వాడికి ఇంకో 8 కావాలి. బాబాయికి పామాయిల్ గెలల డబ్బులు వచ్చాయి గానీ, అందులో ఎరువులకీ, కూలీలకీ పోను మిగిలేది ఎంతో ఆయనకే తెలుసు. పైగా 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. నన్ను పక్కకి పిలిచి ఒకటే అడిగాడు. “ఒరేయ్, ఇది నిజంగా అవసరమా, ఆడి సరదానా? నువ్వు చూసి చెప్పు.”

అవసరమో సరదానో మాటలతో తేలదు. కొలవాలి. కొలవడానికి పైసా ఖర్చు లేదు.

విండోస్‌లో `Ctrl + Shift + Esc` నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో `Performance`, దాని కింద `Memory`. వాడి ల్యాప్‌టాప్ ఆన్ చేసి, ఏమీ తెరవకుండా ఐదు నిమిషాలు వదిలేశాం. `In use` దగ్గర 3.2 జీబీ చూపించింది. అంటే ఆట మొదలవ్వక ముందే దాదాపు సగం అయిపోయింది. తర్వాత వాడు రోజూ ఎలా ఆడతాడో అలాగే ఒక్కోటీ తెరవమన్నాను. క్రోమ్‌లో యూట్యూబ్, కాలేజీ సైటు, ఇంకో పది ట్యాబులు తెరిస్తే 1.6 పెరిగింది. డిస్కార్డ్ అర జీబీ, వాట్సాప్ 0.4 తీసుకున్నాయి. మొత్తం 5.7. పేరుకి 8 గానీ, కొంత హార్డ్‌వేర్ తనకోసం పట్టుకోగా విండోస్ చేతికి వచ్చేది 7.8 జీబీ. అంటే ఆటకి మిగిలింది 2.1.

ఇప్పుడు వాలరెంట్ పెట్టాం. దానికి కంపెనీ అడిగే కనీస ర్యామ్ 4 జీబీయే. ఇరుకిరుగ్గానే అయినా నడిచింది. తర్వాత జీటీఏ 5. 2015లో పీసీకి వచ్చిన ఆట, పాత ఆటే. దానికి వాడి ల్యాప్‌టాప్‌లో 3.8 దాకా కావాల్సి వచ్చింది. 5.7కి 3.8 కలిపితే 9.5. ఉన్నది 7.8. మరి మిగతాది ఎక్కడికి పోయింది?

మొక్కజొన్న ఆరబోసే కళ్లం చూశారు కదా. కళ్లం చిన్నదై, గింజలు ఎక్కువైతే ఏం చేస్తాం? ముందు దగ్గరదగ్గరగా పోసి సర్దుతాం. అప్పటికీ చాలకపోతే కొంత ఎత్తి షెడ్లో పెడతాం. మళ్లీ అది కావాల్సి వచ్చినప్పుడు ఇది లోపల పెట్టి, అది బయటికి తెస్తాం. విండోస్ కూడా అంతే. ముందు మెమరీలో ఉన్నదాన్ని కుదించి చూస్తుంది. ఆ తర్వాత వాడకంలో లేని ముక్కల్ని ఎస్ఎస్‌డీలో ఉండే పేజ్‌ఫైల్‌లోకి తోసేస్తుంది. గింజలు ఎక్కడికీ పోవు. కానీ షెడ్డుకీ కళ్లానికీ మధ్య మోతకి టైం పడుతుంది. ఎస్ఎస్‌డీ ఎంత ఫాస్ట్ అయినా, ర్యామ్‌తో పోలిస్తే అక్కణ్ణించి ఒక ముక్క తేవడానికి వందల రెట్లు ఎక్కువ సమయం పడుతుంది.

ఆ మోత ఆటలో ఎలా కనిపిస్తుందో చూడండి. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి దాదాపు 17 మిల్లీసెకన్లు. కారులో సందు తిరిగారు, కొత్త వీధి కావాలి, అందులో ఒక ముక్క షెడ్డులో ఉంది. అది వచ్చేదాకా ఆ ఒక్క ఫ్రేమ్ 200 మిల్లీసెకన్లు ఆగింది. మిగతా ఫ్రేములన్నీ మామూలుగానే వచ్చాయి కాబట్టి మూలన ఉన్న కౌంటర్ ఆ సెకనుకి 48 అనే చూపిస్తుంది. 48 అంటే బాగానే ఉందిగా అనిపిస్తుంది. కానీ కన్ను చూసింది 48 కాదు, ఆ ఒక్క కుదుపునే. అందుకే ఎఫ్‌పీఎస్ సగటు చూసి “8 సరిపోతంది” అని తేల్చేయకూడదు.

అయితే ఆట ఆగిన ప్రతిసారీ ర్యామ్‌దే తప్పు కాదు. షాపుకి వచ్చేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. నెట్ సరిగా లేకపోతే మీ మౌస్ తిప్పితే మీ చూపు హాయిగానే తిరుగుతుంది, ఎదుటివాళ్లు మాత్రం ఒకచోట మాయమై ఇంకోచోట తేలతారు. గ్రాఫిక్స్ కార్డు చాలకపోతే ఆట మొదటి నుంచి చివరిదాకా ఒకే రకంగా మందంగా ఉంటుంది. సెట్టింగ్స్ తగ్గిస్తే తేలికపడుతుంది. ర్యామ్ చాలకపోతే అలా కాదు. కాసేపు బాగా నడిచి, కొత్త చోటికి వెళ్లగానే స్క్రీన్ మొత్తం బిగుసుకుపోతుంది. ఆల్ట్ ట్యాబ్ కొట్టి బ్రౌజర్‌కి వెళ్తే పేజీ తెల్లగా ఉండి, తీరిగ్గా వస్తుంది. ఒక్కోసారి డిస్కార్డ్‌లో మాట కూడా తెగుతుంది.

అనుమానం తీరాలంటే ఇంకో చోట చూడొచ్చు. స్టార్ట్ మెనూలో `resmon` అని కొడితే రిసోర్స్ మానిటర్ వస్తుంది. `Memory` ట్యాబ్‌లో `Hard Faults/sec` అనే గ్రాఫ్ ఉంటుంది. కావాల్సింది ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి తేవాల్సి వచ్చిన ప్రతిసారీ అది లేస్తుంది. గేమ్ లోడ్ అవుతున్నప్పుడు లేవడం మామూలే. ఆడుతుండగా, సరిగ్గా కుదుపు వచ్చినప్పుడల్లా లేస్తుంటే దొంగ దొరికినట్టే. చాలామంది టాస్క్ మేనేజర్‌లో `Committed` చూసి అది 11 అనగానే కంగారుపడతారు. ప్రోగ్రాములు ముందుగా అడిగి పెట్టుకున్నది మొత్తం అందులో ఉంటుంది, వాడనిది కూడా. కాబట్టి ఆ అంకె ర్యామ్ కంటే కాస్త ఎక్కువున్నంత మాత్రాన నష్టం లేదు. గ్రాఫ్ ఎగిరెగిరి పడుతుంటేనే ఆలోచించాలి.

తమ్ముడి ల్యాప్‌టాప్‌లో జీటీఏ ఆడుతుంటే ఆ గ్రాఫ్ కుదుపు కుదుపుకీ లేచింది. అప్పుడు క్రోమ్‌ని పూర్తిగా మూసేయమన్నాను. 5.7లోంచి 1.6 పోతే 4.1, దానికి 3.8 కలిపితే 7.9. కొద్దిగా కుదిస్తే సరిపోతుంది. కుదుపులు దాదాపు పోయాయి. ఇది విని బాబాయి మొహం వెలిగింది. “అయితే ఆ క్రోమేదో మూసుకుని ఆడుకోమను!”

నిజమే, ఆ ఆట వరకూ అదే సరైన సలహా. డబ్బులు లేనివాళ్లకి నేను చెప్పేదీ అదే. క్రోమ్ మూసినా వెనకాల నడుస్తూనే ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో, `System` కింద, మూసేశాక కూడా యాప్స్ నడిపించే ఆప్షన్‌ని ఆఫ్ చేయాలి. అంత ఇబ్బందిలేని ట్యాబులకి `Memory Saver` ఆన్ చేసుకోవచ్చు.

కానీ తమ్ముడు ఒక మాటన్నాడు. “క్రోమ్ మూసేస్తానన్నయ్యా. డిస్కార్డ్ మాత్రం మూయను.” వాడితో ఇంటర్ చదివిన నలుగురిలో ఒకడు విజయవాడ, ఒకడు హైదరాబాద్, ఒకడు వైజాగ్. రాత్రి తొమ్మిదిన్నరకి ఆ అర జీబీలోనే వాళ్లంతా కలుస్తారు. ఆట వంక, మాట అసలు. ఇది సరదా అనడానికి నాకు నోరు రాలేదు. లెక్కల్లో ఏది తీసేయొచ్చో, ఏది తీయకూడదో ఆడేవాడే చెప్పాలి.

ఇక రెండో విషయం, వాళ్లు నలుగురూ తర్వాత ఆడబోయేవి ఏమిటి అన్నది. సైబర్‌పంక్ 2077 సంగతి చూడండి. 2020లో వచ్చినప్పుడు కనీసం 8 జీబీ అన్నారు. 2023లో అదే ఆటకి కనీసాన్ని 12 చేశారు. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ మొదటి రోజునుంచే 12 అడిగింది. హాగ్‌వర్ట్స్ లెగసీకి కనీసమే 16. వీటికి క్రోమ్ మూసినా, వాట్సాప్ మూసినా 8 సరిపోదు. అదీ అసలు గీత. వాలరెంట్, జీటీఏ 5 లాంటివే ఆడతారా, బ్రౌజర్ మూసుకోగలరా, అయితే 8తో లాగించొచ్చు. గత నాలుగైదేళ్లలో వచ్చిన పెద్ద ఆటలు కావాలి, పక్కన మాటా కావాలి అంటే 16.

కొనేముందు ఇంకొక్కటి చూడాలి. టాస్క్ మేనేజర్‌లోనే `Slots used` అని ఉంటుంది. తమ్ముడిది `1 of 2`. అంటే ఒకటి ఖాళీ. ఉన్నదాని పక్కనే అదే రకం, అదే స్పీడు ఉన్న 8 జీబీ స్టిక్ పెడితే చాలు. రెండు స్టిక్కులు జతగా పనిచేస్తే డేటా రెండు దారుల్లో నడుస్తుంది, ఆ లాభం అదనం. `Form factor` దగ్గర `Row of chips` అని ఉంటే ర్యామ్ బోర్డుకే అతికించి ఉన్నట్టు. అలాంటి మోడల్‌లో ఖాళీ స్లాట్ లేకపోతే తర్వాత పెంచడానికి వీల్లేదు కాబట్టి, కొనేటప్పుడే 16 తీసుకోవాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్లకైతే 16 ఇంకా అవసరం. అక్కడ బొమ్మలకి కావాల్సిన మెమరీ కూడా ఈ ర్యామ్‌లోంచే పోతుంది.

బాబాయికి ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి చూపించాను. కాసేపు చూసి, “మరి 32 అని మళ్లీ రాడు కదా?” అన్నాడు. ఇప్పుడు ఆడేవాటికి అక్కర్లేదన్నాను. ఇంకో 8 వేశాం.

అన్నీ తెరిచి మళ్లీ జీటీఏ పెడితే `In use` 10.4 చూపించింది. ముందు లెక్క వేసిన 9.5 కంటే ఎక్కువేంటని తమ్ముడికి డౌటు. చోటు దొరికింది కాబట్టి విండోస్ ఇక దేన్నీ కుదించి, ఇరికించి పెట్టడం లేదు. ఎఫ్‌పీఎస్ సగటు 52 నుంచి 58 అయింది, అంతే. ఆ ఆరు కోసమే అయితే డబ్బు దండగ. `Hard Faults/sec` గీత మాత్రం నేలమీద పడుకుంది. సందు తిరిగితే వీధి వెంటనే వచ్చింది.