మొహమాటం ఖరీదు గంటకు ఆరు డాలర్లు

2023 వేసవిలో నా ఉద్యోగం పోయింది. కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఈ దేశం వచ్చి పద్ధెనిమిదేళ్ళు వంతెనల డిజైన్లు చేసినదాన్ని. నలభై నాలుగో ఏట ఒక శుక్రవారం మధ్యాహ్నం అట్టపెట్టెలో కాఫీ కప్పూ, పిల్లల ఫోటోలూ పెట్టుకుని ఇంటికొచ్చాను. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో" అన్నారు మావారు. మూడో వారానికి వంటింటి అలమారాలన్నీ సర్దేశాను. ఇక సర్దడానికి ఏమీ మిగల్లేదు.

ఆ సమయంలోనే ఒక పుట్టినరోజు పార్టీలో మనవాళ్ళే అయిన ఒక పళ్ళ డాక్టరుగారు కలిశారు. "మీరు బాగా రాస్తారట కదమ్మా, మా క్లినిక్ వెబ్‌సైటుకి బ్లాగులు రాసి పెట్టకూడదూ?" అన్నారు. బ్లాగులంటే మరేమీ కాదు, రోగులు చదువుకోవడానికి క్లినిక్ వాళ్ళు పెట్టుకునే చిన్న వ్యాసాలు. "ఎంత తీసుకుంటారు?" అని అడిగారు. నేను మన సంప్రదాయం ప్రకారం "మీకు తెలియనిదేముందండీ, మీ ఇష్టం" అన్నాను. ఆయన వందన్నారు, నేను తలూపాను. పక్కనే ఆయన సతీమణి ఉన్నారు. బేరమాడితే వదినగారు ఏమనుకుంటారో అని నా బెంగ!

మొదటి వ్యాసం రూట్ కెనాల్ తర్వాత వచ్చే నొప్పి గురించి. వెయ్యి మాటలు, ఆరు గంటల్లో రాసి పంపాను. అసలు కథ అక్కడే మొదలైంది. డాక్టరుగారు ఇంకాస్త తేలిక భాషలో ఉండాలన్నారు. రాశాను. ఫ్రంట్ డెస్కు మేనేజరు ఇన్సూరెన్సు సంగతి చేర్చమంది. చేర్చాను. భాగస్వామి డాక్టరుగారు ఆ ఇన్సూరెన్సు సంగతే తీసేయమన్నారు. తీశాను. చివరికి "రూట్ కెనాల్ కాకుండా ఇంప్లాంట్ల మీద రాస్తే బాగుంటుందేమో" అని ఒక ఈ-మెయిలు వచ్చింది. ఏడోసారి దిద్దాక లెక్క చూసుకున్నాను. రాయడానికి ఆరు గంటలు, దిద్దడానికి పదకొండు. పదిహేడు గంటలకు వంద డాలర్లు, అంటే గంటకు ఆరు డాలర్లు కూడా లేదు. 2009 నుంచీ మారని ఫెడరల్ కనీస వేతనం 7.25. నా ఇంజనీరింగు డిగ్రీ దానికి కూడా అందలేదన్నమాట.

ఇంకో తమాషా ఏమిటంటే, ఆ వంద కూడా వ్యాసం వెబ్‌సైటులో పెట్టాకే ఇస్తామన్నారు. అది రెండు నెలలదాకా పెట్టనే లేదు. గుళ్ళో వదినగారు ఎదురుపడితే నేను చెప్పుల స్టాండు వైపు తప్పుకునేదాన్ని. వందా పోయింది, పలకరింపూ పోయేలా ఉంది.

ఒక రాత్రి మావారు, "ఉద్యోగంలో ఉండగా కాంట్రాక్టరు అదనంగా ఒక్క పిల్లరు వెయ్యాలన్నా చేంజ్ ఆర్డరు రాయించుకునేదానివి కదా, ఇక్కడేమైంది?" అన్నారు. నిజమే. పని హద్దులు కాగితం మీద లేకుండా నేను ఒక్క గీత గీసి ఎరగను. మరునాడు పొద్దున్నే నాకొచ్చిన విద్యే బయటికి తీశాను.

మొదట ధర. మాటకు ఇన్ని సెంట్లని లెక్క కట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ అలా కడితే వ్యాసాన్ని సాగదీసినవాడికి లాభం, క్లుప్తంగా రాసినవాడికి నష్టం. పోనీ గంటల లెక్కన బిల్లు వేద్దామా అంటే, చేయి తిరిగి పని త్వరగా చేసేకొద్దీ మన రాబడి తగ్గుతుంది. పైగా బిల్లు ఎంతవుతుందోనని అవతలివాళ్ళకి భయం. అందుకని వ్యాసానికి ఇంత అని ఒకే ధర చెప్పాలి. ఆ ధర మాత్రం మన గంటల లెక్కలోంచే పుట్టాలి.

నా లెక్క ఇది. నెలకు మూడు వేలు చేతికి రావాలనుకున్నాను. స్వంతంగా పని చేసేవాళ్ళు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ రెండు వాటాలూ తామే కట్టుకోవాలి. ఉద్యోగంలో సగం కంపెనీ కట్టేది, అందుకే మనకు తెలిసేది కాదు. ఆ రేటు 15.3 శాతం. దాన్ని నికరాదాయంలో 92.35 శాతం మీద వేస్తారు కనుక ఇంచుమించు 14 శాతం పడుతుంది. అంటే మూడు వేలు మిగలాలంటే 3,500 సంపాదించాలి. ఇంటర్నెట్టుకీ, సాఫ్ట్‌వేరుకీ మరో వంద. మొత్తం 3,600. ఇన్‌కంటాక్సు వేరే.

నేను నెలకు వంద గంటలు పని చేయగలను. అయితే ఆ వందకీ ఎవరూ డబ్బివ్వరు. కొత్తవాళ్ళని వెతుక్కోవడం, ప్రపోజల్సు రాయడం, బిల్లులు పంపడం, ఇవన్నీ మన ఖాతాలోవే. నా విషయంలో బిల్లుకెక్కేవి అరవై గంటలని తేలింది. 3,600ని అరవైతో భాగిస్తే గంటకు 60 డాలర్లు. చాలామంది వందతో భాగించి 36 అనుకుంటారు. ఆరు నెలలు తిరిగేసరికి ఇంతగా కష్టపడుతున్నా ఎందుకు చాలడం లేదని తల పట్టుకుంటారు.

రెండో వ్యాసానికి గడియారం పెట్టుకుని రాశాను. మాట్లాడుకోవడం, రూపురేఖలు రాయడం ఒక గంట. విషయ సేకరణ గంటన్నర. రాయడం రెండు గంటలు. సరిచూసుకోవడం ఒక గంట. వెబ్‌సైటుకెక్కించడం అరగంట. రెండుసార్లు దిద్దడానికి మరో గంట. మొత్తం ఏడు గంటలు, 420 డాలర్లు. వంద తీసుకున్న చోట 420 అడగడానికి నాకు గుండె దడ వచ్చింది. కానీ గంట ధర తగ్గిస్తే మళ్ళీ పాత కథే. అందుకని ధర ముట్టుకోకుండా పని తగ్గించాను. డాక్టరుగారు పదిహేను నిమిషాలు ఫోనులో విషయం చెబితే నా సేకరణలో గంట తగ్గుతుంది. వెయ్యి మాటల బదులు ఏడు వందలైతే అరగంట. వెబ్‌సైటుకి వాళ్ళే ఎక్కించుకుంటే మరో అరగంట. ఐదు గంటలు, 300 డాలర్లు. ప్రపోజల్లో రెండు ధరలూ పక్కపక్కనే పెట్టాను, ఏది కావాలో వాళ్ళే ఎంచుకోవచ్చు.

ఇక దిద్దుబాట్లు. "రెండుసార్లు ఉచితం" అని రాస్తే సరిపోతుందనుకున్నాను. సరిపోదు. "ఒక్కసారి" అంటే ఏమిటో కూడా రాయాలి. లేకపోతే రోజుకో చిన్న ఈ-మెయిలు వస్తుంది, దేనికది చిన్నదే. ఒప్పందం ఇంగ్లీషులోనే రాశాను గానీ, తెలుగులో చెప్పాలంటే ఆ ఒక్క పేజీ సారాంశం ఇది:

"ముందుగా పది లైన్ల రూపురేఖలు పంపుతాను. మీరు సరేనన్నాకే వ్యాసం మొదలుపెడతాను. వ్యాసం అందిన ఏడు రోజుల్లో మీ అందరి అభిప్రాయాలూ ఒకే కాగితం మీద, ఒకే వ్యక్తి ద్వారా పంపాలి. అది ఒక దఫా. అటువంటివి రెండు దఫాలు ధరలో కలిసి ఉన్నాయి. ఆపైన గంటకు 60 డాలర్లు, మొదలుపెట్టే ముందే ఎంతవుతుందో చెబుతాను. నా వల్ల దొర్లిన తప్పులు ఎప్పుడైనా ఉచితంగా దిద్దుతాను. రూపురేఖలకు ఒప్పుకున్నాక విషయం మారిస్తే అది కొత్త వ్యాసం. ఏడు రోజుల్లో జవాబు లేకపోతే వ్యాసం ఆమోదం పొందినట్టే. సగం డబ్బు మొదలుపెట్టే ముందు, మిగతా సగం మొదటి ప్రతి అందిన పద్నాలుగు రోజుల్లో. మొత్తం ముట్టాక వ్యాసం మీద హక్కులు మీవి. ఈ ధర ముప్ఫై రోజులు చెల్లుతుంది."

ఇందులో ప్రతి వాక్యం వెనకా నా పదిహేడు గంటల్లో కొన్ని ఉన్నాయి. "ఒకే వ్యక్తి" అన్నది మేనేజరూ, భాగస్వామీ ఇన్సూరెన్సు దగ్గర నన్ను ఆడించిన ఆటలోంచి వచ్చింది. రూపురేఖలు ఇంప్లాంట్ల ఈ-మెయిలు పుణ్యం. వాటిల్లో మార్పుకి పది నిమిషాలు పడుతుంది, అదే మార్పు పూర్తయిన వ్యాసంలో చేయాలంటే ఒక పూట. డబ్బు "ప్రచురించాక" అనకుండా "అందాక" అన్నాను. ప్రచురించడం నా చేతుల్లో లేదు గనక. హక్కుల మాట ఊరికే రాయలేదు. ఈ దేశపు కాపీరైటు చట్టంలో బయటివాళ్ళు రాసినది రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప రాసినవాళ్ళదే. కనుక ఆ వాక్యం ఇద్దరికీ రక్ష.

కాగితం తీసుకుని క్లినిక్కుకే వెళ్ళాను. డాక్టరుగారు మౌనంగా రెండుసార్లు చదివారు. నాకు చెమటలు పట్టాయి. ఆయన కళ్ళజోడు తీసి, "ఇది మొదటి రోజే ఎందుకివ్వలేదమ్మా?" అన్నారు. "మీరేమనుకుంటారోనని" అన్నాను. ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. రోగికి ఇచ్చే ట్రీట్‌మెంటు ప్లాను. ఏ పంటికి ఏం చేస్తారు, ఎంతవుతుంది, ఇన్సూరెన్సు ఎంత ఇవ్వవచ్చు, కింద రోగి సంతకం. "ఇది లేకుండా నేను ఒక్క క్రౌను వెయ్యను. మీరేమీ అనకపోతే ఎన్నిసార్లు అడిగినా ఫరవాలేదేమో అనుకున్నాను" అన్నారు. ఆ రోజే మూడు వందల ధరకు నెలకు రెండు వ్యాసాలకు సంతకం పెట్టారు. పాత వంద చెక్కు కూడా అప్పుడే ఇచ్చారు.

అందరూ అలా పెట్టలేదు. ఆ సంవత్సరం ప్రపోజలు చూసి ఇద్దరు మళ్ళీ ఫోను చేయలేదు. బాధపడ్డాను గానీ, నా పదిహేడు గంటలు గుర్తొచ్చి త్వరగానే తేరుకున్నాను. మరొకాయన ఎనిమిది వ్యాసాలకీ రెండు దఫాలూ పూర్తిగా వాడుకుని మూడోది అడిగేవారు. మొదట ఆయన్ని తిట్టుకున్నాను. తర్వాత చూస్తే, చదివేది ఎవరో నేను ఆయన్ని ఎప్పుడూ అడగనే లేదు. ఆ ఒక్క ప్రశ్న రూపురేఖల్లో చేర్చాక ఒక దఫాతోనే సరిపోతోంది. ఒక్కరి దగ్గర హద్దు దాటితే అది వారి స్వభావం కావచ్చు. ప్రతి ఒక్కరి దగ్గరా దాటుతుంటే తప్పు మన ప్రశ్నల్లో ఉన్నట్టు.

మన చెల్లెళ్ళలో హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్ళకి ఒక్క మాట. 2015 నుంచి హెచ్-4లో అర్హులైన కొందరికి పని అనుమతి కార్డు ఇస్తున్నారు. ఆ కార్డు చేతికి రాకుండా ఇక్కడ ఇటువంటి పని డబ్బుకి చేయకండి, ఒక్క వ్యాసమైనా సరే.

ఇప్పుడు గుళ్ళో వదినగారు కనిపిస్తే నేనే ముందు పలకరిస్తున్నాను. ఈ సంచిక సంపాదకులు ఫోను చేసి వ్యాసం అడిగినప్పుడు అలవాటుకొద్దీ "ఎన్ని మాటలు, ఎన్ని దిద్దుబాట్లు?" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "ఉచితమేనండీ, కానీ రెండు దఫాలే!" అన్నాను. ఆయన ఒక్క దఫాతో సరిపెట్టారు.