కన్నప్పకి ఆరు రోజులు, మాస్టారికి అరవై ఏళ్లు

మా ఇంటికీ మాస్టారి ఇంటికీ మధ్య నెల్లూరులో ఒకే ఒక్క గోడ. మా అబ్బా కుట్టుమిషన్ చప్పుడు వాళ్లకి వినిపించేది, వాళ్ల పూజగంట మాకు వినిపించేది. పండక్కి అమ్మీ షీర్ ఖుర్మా చేస్తే పాలూ సేమ్యా విడిగా పంపేది. ఎందుకంటే మామ్మగారు వేరేవాళ్ల ఇంట్లో వండింది ముట్టరు. ఆ వస్తువులతో తనే వండుకుని, "మీ పండగ పాయసం తిన్నామమ్మా" అని గోడ మీంచి చెప్పేవారు.

నాకు పదేళ్లప్పుడు నా పతంగ్ తెగి వాళ్ల పెరట్లో పడింది. తీసుకుంటూ దండెం మీద ఆరేసిన చీర పట్టుకున్నాను. అది మడిబట్ట. తడిపి, ఎవరూ తాకకుండా ఆరేసి, మర్నాడు పొద్దున దాన్ని కట్టుకుని వంటా పూజా చేస్తారు. మామ్మగారు నన్నొక్క మాట అనలేదు. చీర తీసి, బావి దగ్గరికెళ్లి, మళ్లీ తడిపి ఆరేశారు. ఆ ఖామోషీ నాకు చెంపదెబ్బలా తగిలింది. ఇంటికొచ్చి ఏడిస్తే, "వాళ్ల పాబందీ వాళ్లది బేటా" అంది అమ్మీ. నా దిల్ మాత్రం ఒప్పుకోలేదు.

ఆ ఏడాదే మాస్టారు క్లాసులో తిన్నడి కథ చెప్పారు. మనలో పెద్దవాళ్లు చాలామంది సినిమాలో చూసే ఉంటారు. తమిళంలో పన్నెండో శతాబ్దంలో సేక్కిళార్ రాసిన పెరియ పురాణంలో ఆ కథ ఉంది. తెలుగులో ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో చెప్పాడు. తిన్నడు వేటగాళ్ల పిల్లవాడు. కొండమీద శివలింగం కనపడగానే దానిమీద ముహబ్బత్ పుట్టేసింది. అయ్యో, అడవిలో ఒంటరిగా ఉన్నాడే, ఆకలేస్తుందేమో అనుకున్నాడు. చేతిలో విల్లుంది, మరో చేతిలో మాంసం ఉంది. అందుకని నీళ్లు నోట్లో పట్టి తెచ్చాడు, పూలు జుట్టులో దోపుకుని తెచ్చాడు. మాంసం కాల్చి, ఒక్కో ముక్కా కొరికి చూసి, మెత్తగా రుచిగా ఉన్నవి మాత్రమే ఆకుదొన్నెలో పెట్టాడు. లింగం మీదున్న పాత పూలని చెప్పు కాలితో తోసేశాడు. నోట్లో నీళ్లు పుక్కిలించి స్నానం చేయించాడు. రాత్రంతా విల్లు పట్టుకుని కాపలా ఉన్నాడు.

పొద్దున పూజారి వచ్చి ఆ ఎముకలూ మాంసం చూసి వణికిపోయాడు. అంతా కడిగి, మళ్లీ స్నానం చేసొచ్చి, శాస్త్రప్రకారం పూజ చేసి వెళ్లాడు. సాయంత్రం తిన్నడు వచ్చి అదంతా తోసేశాడు. రోజూ ఇదే వరస. చివరికి పూజారి ఏడుస్తూ మొర పెట్టుకుంటే శివుడు ఖ్వాబులో వచ్చి, ఆ పిల్లాడు చేసేదంతా నాకు ప్రీతే, రేపు దాక్కుని చూడు అన్నాడు. ఆరో రోజు లింగం కంట్లోంచి రక్తం కారింది. తిన్నడు ముందు ఆకుపసర్లు పిండి చూశాడు, ఆగలేదు. తన కన్ను బాణంతో పెకలించి పెట్టాడు, ఆగింది. అప్పుడు రెండో కన్ను కారింది. తన రెండోదీ తీస్తే చోటు కనపడదని గుర్తుకోసం లింగం కంటి మీద కాలు ఆనించాడు. అప్పుడు శివుడు చేయి పట్టుకుని ఆపాడు. తిన్నడు కన్నప్ప అయ్యాడు.

ఇంక చూసుకోండి, పదేళ్ల కుర్రాడికి ఎంత తసల్లీ! చీర మళ్లీ తడిపిన మామ్మగారికి వాళ్ల దేవుడే జవాబ్ చెప్పేశాడు అనుకున్నాను. దిల్ ఉంటే చాలు, మడీ మంత్రం అంతా దిఖావా. దాదాపు ముప్పై ఏళ్లు ఇదే నా యకీన్. హిందూ దోస్తులతో మాట వస్తే భక్తి వేరు, ఆచారం వేరు అని కన్నప్పని పట్టుకుని తేల్చేసేవాణ్ని.

రెండేళ్ల కింద మామ్మగారికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి, మాట పోయింది. పిల్లలు దూరదేశంలో ఉన్నారు. మాస్టారికి డెబ్భై దాటాయి. పొద్దున్నే నేను గోడ పక్కనుంచి వెళ్లి మామ్మగారిని పైకెత్తి కూర్చోబెట్టేవాణ్ని. పక్కబట్టలు మార్చడం, ఒళ్లు తుడవడం మాస్టారే చేసేవారు. అవన్నీ అయ్యాక మళ్లీ స్నానం చేసి సంధ్యావందనానికి కూర్చునేవారు. అప్పటికి తొమ్మిది దాటేది.

సంధ్యావందనం ఏమిటో ఆ రోజుల్లోనే దగ్గర్నుంచి చూశాను. రోజుకి మూడుసార్లు, పొద్దుటి పొద్దూ మధ్యాహ్నం సాయంత్రం. ముందు ఆచమనం, అంటే నామాలు చెప్పుకుంటూ అరచేతిలో నీళ్లు మూడుసార్లు తాగడం. తర్వాత సంకల్పం, మన నియ్యత్ లాంటిది. తలమీద నీళ్లు చల్లుకోవడం, సూర్యుడి వైపు దోసిలితో నీళ్లు వదలడం, ఆ తర్వాత గాయత్రి జపం. దీన్ని నిత్యకర్మ అంటారు. కోరిక తీరాలని చేసే పూజలు వేరే ఉన్నాయి, అవి కామ్యం, చేస్తే చేయొచ్చు మానితే మానొచ్చు. నిత్యకర్మ అలా కాదు. చేసినందుకు పెద్ద ఫలం రాసిపెట్టి లేదు, మానితే మాత్రం దోషం. మనసు బాగుందా లేదా అని అది అడగదు. వేళ దాటితే ప్రాయశ్చిత్తంగా ఇంకో దోసిలి నీళ్లు ఎక్కువ వదలాలి. మాస్టారు రోజూ ఆ ఎక్కువ దోసిలి వదులుతుంటే ఆయన మొహం చూడలేకపోయేవాణ్ని. జుర్మానా కడుతున్న మనిషిలా ఉండేవారు.

ఒకరోజు ఆగలేక అనేశాను. "మాస్టారూ, మీరు మామ్మగారికి చేసే ఖిద్మత్ కంటే పెద్ద పూజేముంది? కన్నప్ప ఏ మంత్రం చదివాడు? మీరే కదా మాకు చెప్పారు."

ఆయన తుండు పిండుతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాయనా, కన్నప్ప ఎన్ని రోజులు చేశాడు?" అన్నారు.

"ఆరు."

"ఆరు రోజులు కన్ను పీకివ్వగలిగే ప్రేమ ఉండొచ్చు. నాకు ఎనిమిదో ఏట ఒడుగు అయింది. అరవై ఏళ్లు దాటింది. అన్ని వేల పొద్దుల్లో ప్రేమ కలిగినవి ఎన్నో వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మిగతా రోజులు నిద్రమత్తు, జీతం గొడవ, పిల్లల జ్వరాలు. ఆ రోజుల్లో నన్ను తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టింది ఈ చెంబూ నీళ్లే. ప్రేమ రాని రోజున ఏం చెయ్యాలో కన్నప్ప చెప్పలేదు. అది పూజారి కథ."

నేను పూజారి కథ అని ఎప్పుడూ అనుకోలేదు. ఆ రాత్రి మళ్లీ ఆలోచించాను. శివుడు పూజారిని తీసేయలేదు, నీ పూజ వద్దని అనలేదు. అతని ఖ్వాబులోకి వచ్చి, దాక్కుని చూడమన్నాడు. రోజూ మాంసం కడిగి, మళ్లీ స్నానం చేసి, విసుగు లేకుండా పూజ మొదలుపెట్టినవాడి ఏడుపు కూడా విన్నాడు.

ఇంకో సంగతి మాస్టారు చెప్తేగానీ నాకు తట్టలేదు. గుళ్లలో ఇళ్లలో చేసే పూజకి పదహారు ఉపచారాలు. పిలవడం, ఆసనం వేయడం, కాళ్లకి నీళ్లు, చేతులకి నీళ్లు, స్నానం, బట్ట, గంధం, పూలు, ధూపం, దీపం, భోజనం, తాంబూలం ఇలా వెళ్తుంది. ఇది ఏమిటి? ఇంటికొచ్చిన మెహమాన్‌కి చేసేదే. తిన్నడు చేసింది చూడండి. స్నానం చేయించాడు, పూలు పెట్టాడు, అన్నం పెట్టాడు, కాపలా ఉన్నాడు. వరస అదే. ఒక్కటే తేడా. నైవేద్యాన్ని ముందు వాసన కూడా చూడకూడదని శాస్త్రం, అతను కొరికి చూశాడు. పిల్లాడికి పెట్టేముందు అమ్మ రుచి చూసినట్టు. అంటే ఒకప్పుడు ఎవరి దిల్‌లోనో పుట్టిన మెహమాన్ నవాజీయే గట్టిపడి కాయదా అయింది. తిన్నడికి ఆ కాయదా తెలియదు, మొదట్నుంచీ తనే కనిపెట్టాడు.

శ్రీకాళహస్తిలో ఈ రెండూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి. శివరాత్రి బ్రహ్మోత్సవాల్లో ముందు కన్నప్ప కొండమీదే ధ్వజారోహణం, ఆ తర్వాతే స్వామికి. కానీ గుడిలోపల మాంసం ఎవరూ పెట్టరు. కన్నప్ప కాలు ఆనించాడని చెప్పే ఆ మూలలింగాన్ని అర్చకులు కూడా చేత్తో తాకరు. కథని నెత్తిన పెట్టుకున్నారు, కాయదా వదల్లేదు. దీనికి చేదు వైపూ ఉంది. బోయ పిల్లాడి ప్రేమని వందల ఏళ్లు పాడుకున్న ఈ నేలమీద దళితులు గుడి గడప దాటడానికి భక్తి సరిపోలేదు, 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం రావాల్సి వచ్చింది. ఆ సంగతి నేనంటే మాస్టారు వాదించలేదు. "అవును, మేం కథ విన్నాం, చూడలేదు" అన్నారు అంతే.

చివరిగా ఒక పొద్దుటి మాట. మామ్మగారి మంచం పక్కన ముక్కాలిపీట మీద మాస్టారు చిన్న శివుడి పటం పెట్టారు. రోజూ ఆమెకి కనపడేలా పూజ చేసేవారు. ఆ రోజు ఆయన రెండో స్నానంలో ఉన్నారు. మామ్మగారు నన్ను చూసి, కళ్లతో పూలపళ్లెం చూపించారు. నాకు కొంచెం సంకోచం. పూజ నా పని కాదు, ఆ హద్దు నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. పళ్లెం ఆమెకి అందేలా పట్టుకున్నాను, అంతే. ఆమె ఎడమచేత్తో ఒక నందివర్ధనం తీసి, వణుకుతూ పటం మీద పెట్టారు. ఎడమచేత్తో పూజ చేయకూడదు. స్నానం లేదు, మడి లేదు, పళ్లెం పట్టుకున్నది ఒకప్పుడు ఆమె చీర ముట్టుకున్న చెయ్యి.

మాస్టారు తడిపంచెతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. షర్మిందా అయి లేవబోయాను. ఆయన ఏమీ అనలేదు. పీట దగ్గర కూర్చుని మామూలుగా మొదలుపెట్టారు. పూజకి ముందు పటం మీది పాత పూలు తీసేయడం ఆయన అలవాటు. నిన్నటివన్నీ ఒక్కొక్కటీ తీశారు. ఆ ఒక్క నందివర్ధనం దగ్గర వేళ్లు ఆగాయి. దాన్ని వదిలేసి పక్కనుంచి పూజ చేసుకుంటూ వెళ్లారు.

ఆఖర్న మాఫీ అడగడం ఒకటి ఉంటుంది ప్రతి పూజలోనూ. మంత్రంలో లోపం, క్రియలో లోపం, భక్తిలో లోపం ఉంటే క్షమించమని. ఎన్నోసార్లు గోడ అవతల్నుంచి విన్నదే. ఆ పొద్దున భక్తి అన్న మాట దగ్గర ఆయన గొంతు పట్టేసింది. మామ్మగారు ఎడమచెయ్యి చాపి ఆయన తడి భుజం మీద వేశారు. మళ్లీ స్నానం చెయ్యాలని ఆయన లేవలేదు.