నెలసరి ముందు వారమే కాదు, తరువాతి వారాన్నీ గమనించండి

నెలసరికి ముందు దిగులు, చిరాకు, ఆందోళన పెరుగుతున్నాయని చెప్పే స్త్రీలను నా ప్రభుత్వ వైద్య సేవాకాలంలో ఎందరినో చూశాను. వారిని నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "నెలసరి ఆగిన తరువాతి వారం ఎలా ఉంటారమ్మా?"

ఆ వారంలో మనసు పూర్తిగా తేటపడి, మళ్ళీ నెలసరి దగ్గరపడినప్పుడే బాధ తీవ్రంగా మొదలైతే, అది నెలసరి ముందు వచ్చే ప్రత్యేక మానసిక రుగ్మత కావచ్చు. దీనిని వైద్యులు పీఎండీడీ అంటారు. నెల పొడవునా బాధ ఉంటూ, చివరి వారంలో మరింత ముదిరితే, అంతకుముందే ఉన్న జబ్బు ఆ రోజుల్లో తీవ్రమవుతున్నదని అర్థం. రెండింటి చికిత్స ఒకటి కాదు.

ఒక ఉపాధ్యాయిని తనకున్నది నెలసరి ముందు జబ్బేనని నిశ్చయించుకొని వచ్చారు. రెండు నెలలపాటు ప్రతి రాత్రీ క్యాలెండరుపై ఆనాటి దిగులుకు ఒక అంకె వేయమన్నాను. ఏమీ లేకపోతే 1, భరించలేనంత ఉంటే 6. నెలసరికి ముందు వారం 5 ఉన్నది. నెలసరి మొదలైన మూడోనాటికి 3కు దిగింది. తరువాతి వారంలోనూ 3 వద్దనే నిలిచింది తప్ప ఒక్కనాడూ 1కి రాలేదు. ఆమెకున్నది కుంగుబాటు. ఏళ్ళ తరబడి 3తో జీవించి, దానినే తన సహజ స్వభావమనుకున్నారు. 5 ఉన్న రోజులు మాత్రమే జ్ఞాపకం ఉండిపోయాయి. అందుకే జ్ఞాపకం మీద ఆధారపడక, ఏ రోజుది ఆ రోజే వ్రాయాలి.

పీఎండీడీలో కొందరికి కుంగుబాటు మందులను నెలసరికి ముందు రెండు వారాలు మాత్రమే ఇచ్చినా సరిపోతుంది. ఈమెకు అలా ఇస్తే మిగిలిన రెండు వారాల జబ్బుకు వైద్యం లేనట్లే. కనుక ప్రతిరోజూ మందు, దానితోపాటు కౌన్సెలింగ్ అవసరమైనాయి. కొన్ని నెలలకు మామూలు రోజుల్లో 1, నెలసరి ముందు 3 కనిపించింది. ఆ మిగిలిన హెచ్చుకు మోతాదు మార్చాలా అన్నది మానసిక వైద్యుడు నిర్ణయించవలసినది, సొంతంగా పెంచుకోరాదు.

ఏకాగ్రత లోపం, అనగా ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో కొందరు "ఆ వారం మందు పనిచేయడం లేదు" అంటారు. వారికీ ఇదే పట్టిక ఉపకరిస్తుంది. హార్మోన్ల రక్తపరీక్ష ఈ రెండు స్థితులనూ వేరుచేయలేదు, ఎందుకంటే హార్మోన్ల స్థాయులు సాధారణంగానే ఉంటాయి. వాటి హెచ్చుతగ్గులకు మెదడు స్పందించే తీరులోనే తేడా. అయితే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవడం మంచిది.

ఒక్క హెచ్చరిక. నెలసరి ముందు రోజుల్లో చనిపోవాలన్న తలంపు వస్తే, పట్టిక పూర్తయ్యేవరకు ఆగవద్దు. వెంటనే ఇంట్లో వారికి చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి, లేదా టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి. నెలసరి రాగానే ఆ తలంపు పోయినా, వైద్యునికి చెప్పడం మానవద్దు.