ఇక్కడికేగా!

సైదాబాదులో బండి తీస్తున్నవారిని ఎక్కడికని అడిగితే, చాలాసార్లు వచ్చే జవాబు ఒక్కటే: "ఇక్కడికే." పాలకో, ఐ.ఎస్. సదన్ చౌరస్తాలో మందులకో, చంపాపేటలో చుట్టాలింటికో. ఆ ఒక్క మాట చాలు, హెల్మెట్టు అద్దానికి వేలాడుతూ ఉండిపోవడానికి. ద్విచక్రవాహనదారుల కోసం 30 సెకన్ల ప్రకటన ఒకటి రాసిపెట్టమని మిత్రుడొకరు అడిగినప్పుడు నేను ఎదుర్కోదలచినది ఈ మాటనే.

30 సెకన్లలో తీరికగా పలికితే సుమారు 60 మాటలు పడతాయి. వాటిలో వేగం, సెల్‌ఫోను, ముగ్గురి సవారీ అన్నీ కుక్కితే ఒక్కటీ మిగలదు. 2010లో ఇంగ్లండులోని ససెక్స్‌లో సీటుబెల్టు గురించి తీసిన 'ఎంబ్రేస్ లైఫ్' చిత్రంలో ఒక్క సంభాషణ కూడా లేదు. కుర్చీలో కూర్చొని కారు నడుపుతున్నట్లు అభినయించే తండ్రిని భార్యాబిడ్డల చేతులే బెల్టులా చుట్టుకుంటాయి. అది దాదాపు నిమిషంన్నర సాగుతుంది; మనకున్నది అందులో మూడోవంతు. అందుకే ఒకే ఘడియను ఎంచుకున్నాను.

0–5: తెల్లవారుజాము, సైదాబాదులో ఒక ఇంటి గేటు. తండ్రి బండి ఎక్కబోతాడు. హెల్మెట్టు అద్దానికి ఉంది.
పాప: "ఎక్కడికి నాన్నా?"
తండ్రి: "ఇక్కడికే, పాలకి."
5–12: పాప హెల్మెట్టు అందుకుంటుంది. "వంగు నాన్నా." అతడు నవ్వుతూ మోకాళ్ళపై కూర్చుంటాడు.
12–22: చిన్న వేళ్ళు గడ్డం కింద పట్టీతో తంటాలు పడతాయి. ఒకసారి తప్పుతుంది, మరోసారి తప్పుతుంది. తండ్రి నవ్వు నెమ్మదిగా ఆగిపోతుంది. "టక్."
22–26: పాప: "ఇప్పుడు వెళ్ళు. ఇక్కడికే రా."
26–30: గొంతు: "ఇక్కడికే అయినా, పట్టీ పెట్టుకునే వెళ్ళండి."

మూడోవంతు కాలం పట్టీకే ఇచ్చాను. పట్టీ బిగించని హెల్మెట్టు, పడినప్పుడు తలకంటే ముందే ఊడి దొర్లిపోతుంది. అది పెట్టుకోనట్టే లెక్క. నెత్తురు చూపలేదు. చూపితే చూసేవాడు ముఖం తిప్పుకుంటాడు, లేదా అది మరెవరికో జరిగిందనుకుంటాడు.

చిత్రీకరణలో మూడు జాగ్రత్తలు కావాలి. ఐ.ఎస్.ఐ. గుర్తున్న నిండు హెల్మెట్టే వాడాలి, సగం టోపీ కాదు. పట్టీకి నొక్కుడు బకిల్ ఉండాలి. రెండు వలయాల్లోంచి దూర్చే రకమైతే ఆ "టక్" వినబడదు. పాపను బండెక్కించకూడదు. 2019 సవరణ తరువాత చట్టం ప్రకారం నాలుగేళ్ళు దాటిన పిల్లలకూ హెల్మెట్టు తప్పనిసరి. ఎక్కిస్తే కథ రెండో హెల్మెట్టు వైపు మళ్ళిపోతుంది.

తీసిన తరువాత రెండు పరీక్షలు పెట్టాలి. శబ్దం ఆపి చూస్తే పట్టీ సంగతి అర్థం కావాలి. కళ్ళు మూసుకుని వింటే, ఆ "టక్"కి ముందున్న నిశ్శబ్దంలో ఊపిరి బిగబట్టాలి. అక్కడ నేపథ్య సంగీతం పెడదామని ఎవరైనా అంటే, ఒప్పుకోవద్దని మిత్రునికి రాసిచ్చాను.